బుధవారం నుంచి వంద రోజులు: శేషంతో వారం తేల్చే పద్ధతి

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. దసరా సెలవుల్లో చేసుకు రమ్మని ఇచ్చిన లెక్కల్లో "ఈ రోజు బుధవారం అయితే, ఈ రోజు నుంచి వంద రోజుల తరువాత ఏ వారం వస్తుంది?" అని ఒకటి ఉంది. ఆ రోజు 2025 అక్టోబర్ 1, బుధవారం. నేను క్యాలెండర్ ముందు పెట్టుకుని ఒకటి, రెండు అంటూ లెక్కపెడితే గురువారం వచ్చింది. అమ్మాయి మాత్రం 100ను 7తో భాగించి శుక్రవారం అంటోంది. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో వేస్తే 14.28 వచ్చింది. అందులో చుక్క తరువాత ఉన్న 2నే శేషం అనుకోవాలా? ఎవరి జవాబు సరైనది? ఇదే పద్ధతిలో వంద రోజుల వెనక్కి కూడా వెళ్ళవచ్చా?

సమాధానం: మీ అమ్మాయి చెప్పిన శుక్రవారమే సరైన జవాబు. అక్టోబర్ 1 నుంచి వంద రోజులు గడిచాక వచ్చే తేదీ 2026 జనవరి 9, అది శుక్రవారం. మీరు చేరుకున్న గురువారం జనవరి 8. మీరు లెక్కపెట్టడంలో ఏ అంకెనూ దాటవేయలేదు, కానీ అక్టోబర్ 1వ తేదీనే ఒకటి అని మొదలుపెట్టి ఉంటారు. అలా మొదలుపెడితే తేలేది వందో రోజు ఏ వారమన్నది మాత్రమే. లెక్కలో అడిగినది వంద రోజుల తరువాతి వారం. ఈ రెంటి మధ్య కచ్చితంగా ఒక రోజు తేడా ఉంటుంది, ఆ సంగతికి కాసేపట్లో వస్తాను. ముందుగా భాగహారం ఇక్కడ ఏం పని చేస్తోందో చూద్దాం, ఎందుకంటే అది స్పష్టమైతే మిగిలిన సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరుతాయి.

బుధవారం తరువాత ఏడు రోజులు గడిస్తే మళ్ళీ బుధవారమే వస్తుంది. పద్నాలుగు రోజులు గడిచినా, ఇరవై ఒక్క రోజులు గడిచినా బుధవారమే. అంటే మనం తెలుసుకోవలసినది వారం పేరు మాత్రమే అయినప్పుడు, ఏడు రోజుల కట్టలు ఎన్ని గడిచాయన్నది మనకు అక్కరలేదు. పూర్తి కట్టలన్నీ తీసివేశాక మిగిలిన విడి రోజులు ఎన్ని అన్నదే కావాలి. వందలో ఏడు పద్నాలుగుసార్లు పోతుంది, పద్నాలుగేళ్ళు తొంభై ఎనిమిది, మిగిలేది రెండు. బడిలో నేర్పే రూపంలో రాస్తే 100 = 7 × 14 + 2. ఇక్కడ 14 భాగఫలం, 2 శేషం. ఆ పద్నాలుగు వారాలు గడిచేసరికి మనం మళ్ళీ బుధవారం దగ్గరే ఉంటాం. అక్కడి నుంచి రెండు రోజులు ముందుకు వేస్తే గురువారం, శుక్రవారం. లెక్క అంతే.

మామూలు భాగహారంలో మనం భాగఫలం కోసం చూస్తాం, శేషాన్ని మిగులుగా పక్కన పెడతాం. ఈ లెక్కలో ఆ క్రమం తిరగబడుతుంది: భాగఫలాన్ని వదిలేసి శేషాన్ని ఉంచుకుంటాం. పిల్లలు చాలామంది ఇక్కడే తడబడి, పద్నాలుగు అని వచ్చింది కదా అని దానితో ఏదో చెయ్యాలని చూస్తారు. మీ అమ్మాయి అలా చెయ్యలేదంటే విషయం ఆమెకు అర్థమైందనే అనుకుంటున్నాను.

ఇంకొక సౌకర్యం కూడా ఉంది. శేషం కావలసినప్పుడు ఏడో ఎక్కాన్ని చివరిదాకా చదవనక్కర లేదు. ఏడుతో నిశ్శేషంగా పోయే ఏ సంఖ్యనైనా ముందే తీసివేయవచ్చు. వందలో నుంచి డెబ్బై తీసేస్తే ముప్పై, ముప్పైలో నుంచి ఇరవై ఎనిమిది తీసేస్తే రెండు. పెద్ద సంఖ్యలకైతే ఇంకా తేలిక. వంద రోజులకు రెండు మిగిలితే రెండు వందల రోజులకు నాలుగు, మూడు వందల రోజులకు ఆరు మిగులుతాయి. నాలుగు వందల రోజులకు ఎనిమిది అవుతుంది, కానీ ఎనిమిదిలో మళ్ళీ ఒక పూర్తి వారం ఉంది కాబట్టి దాన్ని తీసివేస్తే మిగిలేది ఒకటి. వెయ్యి రోజులంటే పది వందలు, అంటే ఇరవై. అందులో పద్నాలుగు పోతే ఆరు. అందువల్ల బుధవారం నుంచి వెయ్యి రోజులకు మంగళవారం. ఇలా సంఖ్యలను కూడినా, గుణించినా, వాటికి బదులుగా వాటి శేషాలను కూడి, గుణించి, చివర మరొకసారి ఏడు తీసివేస్తే సరైన శేషమే వస్తుంది. ఈ లెక్కకు బలమంతా ఈ గుణంలోనే ఉంది.

వేళ్ళ మీద కాకుండా కాగితం మీద చెయ్యాలంటే వారాలకు అంకెలు ఇవ్వడం మంచిది. ఆదివారానికి 0, సోమవారానికి 1, మంగళవారానికి 2, ఇలా శనివారానికి 6 వరకు. బుధవారం 3 అవుతుంది. మూడుకు వంద కలిపితే 103. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 5, అది శుక్రవారం. అంకెలను సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టాలన్నది చెప్పుకోవలసిన విషయం. ఏడుతో భాగించినప్పుడు రాగల శేషాలు 0 నుంచి 6 వరకు ఏడే ఏడు. వారాలు కూడా ఏడు. ఒక్కొక్క శేషానికి ఒక్కొక్క వారం సరిగ్గా జతపడుతుంది. ఆదివారానికి 1 ఇచ్చి శనివారానికి 7 వరకు వెళ్ళినా తప్పు లేదు, కానీ అప్పుడు శేషం సున్నా వచ్చినప్పుడల్లా దాన్ని 7గా, అంటే శనివారంగా చదువుకోవాలి. ఈ విధంగా బుధవారం 4 అవుతుంది, 104ను ఏడుతో భాగిస్తే శేషం 6, ఆ వరుసలో 6 శుక్రవారమే. ఏ అంకెలతో మొదలుపెట్టినా జవాబు మారదు. ఒక వరుసతో మొదలుపెట్టి ఇంకొక వరుసతో చదివితే మాత్రం మారిపోతుంది. కంప్యూటర్ వాడేవారికి ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు, ఎందుకంటే ఎక్సెల్‌లోని `WEEKDAY` మామూలుగా ఆదివారాన్ని 1గా లెక్కిస్తుంది, పైథాన్‌లోని `weekday()` సోమవారాన్ని 0గా లెక్కిస్తుంది.

ఇక మీకు గురువారం ఎందుకు వచ్చిందన్నది చూద్దాం. నా దృష్టిలో మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న ఇదే, ఎందుకంటే భాగహారంలో తప్పు చేసేవారి కంటే ఇక్కడ తప్పు చేసేవారే ఎక్కువ. రోజులను లెక్కపెట్టడానికి మనకు రెండు పద్ధతులు ఉన్నాయి, రెండూ మన వాడుకలో బాగా పాతుకుపోయినవే. మొదటిదానిలో మొదలైన రోజే ఒకటో రోజు. బిడ్డ పుట్టాక ఇరవై ఒకటో రోజున బారసాల చేసే ఇళ్ళలో సాధారణంగా పుట్టిన రోజునే ఒకటిగా పట్టి లెక్కవేస్తారు. బుధవారం పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటో రోజు అంటే పుట్టాక ఇరవై రోజులు గడిచిన తరువాత వచ్చే రోజు. ఇరవైలో పద్నాలుగు పోతే ఆరు, కాబట్టి అది మంగళవారం. ఇరవై ఒకటిని ఏడుతో భాగించి శేషం సున్నా కనుక మళ్ళీ బుధవారమే అనుకున్నవారు ఒక రోజు ఆలస్యంగా వెళతారు.

సినిమాల శతదినోత్సవం కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. శుక్రవారం విడుదలైన సినిమాకు ఆ శుక్రవారమే మొదటి రోజు. వందో రోజు రావాలంటే విడుదల తరువాత తొంభై తొమ్మిది రోజులు గడవాలి. 99 = 7 × 14 + 1, శేషం ఒకటి, కాబట్టి వందో రోజు శనివారం. శుక్రవారం విడుదలైన ఏ సినిమాకైనా, ఏ సంవత్సరంలోనైనా, మధ్యలో ఎన్ని నెలలు దాటినా ఇదే వర్తిస్తుంది. మీరు అక్టోబర్ 1ని ఒకటిగా పట్టడం ఈ అలవాటు వల్లే జరిగి ఉంటుంది. ఆ లెక్కలో బుధవారం నుంచి ఒక రోజు ముందుకు, గురువారం, జనవరి 8. వందో రోజు ఏ వారమని అడిగి ఉంటే మీరు చెప్పిన జవాబే సరైనదయ్యేది.

రెండో పద్ధతిలో మొదలైన రోజును లెక్కలోకి తీసుకోరు, అది సున్నా. రేపు ఒకటో రోజు. "ఒక రోజు తరువాత" అంటే రేపు అని, "ఏడు రోజుల తరువాత" అంటే వచ్చే బుధవారం అని మనమందరం ఒప్పుకుంటాం; దాన్నే వందకు పొడిగిస్తే వంద రోజుల తరువాత అంటే జనవరి 9. చట్టపరమైన గడువులలోనూ ఇదే దారి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టంలో ఒక గడువు ఫలానా రోజు "నుంచి" అని రాస్తే ఆ మొదటి రోజును వదిలేయవచ్చు, ఫలానా రోజు "వరకు" అని రాస్తే ఆ చివరి రోజును కలుపుకోవచ్చు. మీ అమ్మాయి లెక్కలోనూ "నుంచి", "తరువాత" అనే మాటలు ఉన్నాయి కాబట్టి మొదటి రోజును వదిలేయడమే సరి.

ఏ పద్ధతి వాడుతున్నామో అనుమానం వచ్చినప్పుడు చిన్న సంఖ్యతో పరీక్షించుకోవచ్చు. అదే ప్రశ్నలో వందకు బదులు ఒకటి పెట్టి చదవండి. "ఒక రోజు తరువాత" అంటే గురువారం, మొదలైన రోజు సున్నా అన్నమాట. అప్పుడు ఇచ్చిన సంఖ్యనే ఏడుతో భాగించాలి. "ఒకటో రోజు" అంటే బుధవారమే. అప్పుడు ఇచ్చిన సంఖ్యలో నుంచి ఒకటి తీసివేసి భాగించాలి.

కాలిక్యులేటర్ సంగతికి వద్దాం. మీకు వచ్చిన 14.28లో చుక్క తరువాతి 2, శేషమైన 2, ఈ రెండూ ఒకే అంకె కావడం కేవలం యాదృచ్ఛికం. చుక్క తరువాత వచ్చే భాగం శేషాన్ని ఏడుతో భాగించగా వచ్చినది. శేషం రెండు అయితే అది రెండును ఏడుతో భాగించిన విలువ, అంటే 0.2857 అని సాగుతుంది. శేషం ఒకటి అయితే 0.1428, మూడు అయితే 0.4285, నాలుగు అయితే 0.5714, అయిదు అయితే 0.7142, ఆరు అయితే 0.8571. వీటిలో చుక్క తరువాతి మొదటి అంకెలను వరుసగా చూడండి: 1, 2, 4, 5, 7, 8. శేషం ఒకటో రెండో అయినప్పుడు ఆ అంకె శేషంతో కలుస్తుంది, రెండు దాటితే కలవదు. వంద అనే సంఖ్య ఆ కలిసే చోట పడింది కాబట్టి తప్పు పద్ధతిలో కూడా సరైన జవాబు వచ్చింది. అందుకే దీన్ని ప్రమాదకరమైన తప్పు అంటాను: ఒకసారి సరిపోయిందని నమ్మకం కుదిరితే తరువాతి లెక్కలో అనుమానం రాదు.

అరవై రోజులతో చూస్తే విషయం బయటపడుతుంది. 60ని 7తో భాగిస్తే కాలిక్యులేటర్ 8.571 అని చూపిస్తుంది. 5ను శేషం అనుకుని బుధవారం నుంచి అయిదు రోజులు వేస్తే సోమవారం వస్తుంది. కానీ ఎనిమిదేళ్ళు యాభై ఆరు, అరవైలో యాభై ఆరు పోతే నాలుగు, బుధవారం నుంచి నాలుగు రోజులకు ఆదివారం. క్యాలెండర్ చూసినా 2025 నవంబర్ 30 ఆదివారమే. కాలిక్యులేటర్ వాడక తప్పదనుకుంటే, చుక్కకు ముందున్న పూర్ణసంఖ్యను మాత్రమే తీసుకుని దాన్ని ఏడుతో గుణించి, అసలు సంఖ్యలో నుంచి తీసివేయమని అమ్మాయికి చెప్పండి. వందకైతే 14ను ఏడుతో గుణించి 98, మిగిలింది 2. లేదా చుక్క తరువాతి భాగాన్ని మొత్తంగా ఏడుతో గుణిస్తే 0.2857 × 7 దాదాపు 2 అవుతుంది, దగ్గరి పూర్ణసంఖ్యను తీసుకోవాలి.

శేషంతో వారం పేరు తెలుస్తుంది గానీ తేదీ తెలియదు. తేదీ కావాలంటే నెలల పొడవులు చూడక తప్పదు, అయితే ఆ పని చేయడం వల్ల మన జవాబుకు వేరే దారిలో ఒక సరిచూపు కూడా దొరుకుతుంది. అక్టోబర్ 1 తరువాత ఆ నెలలో ముప్పై రోజులు మిగిలి ఉన్నాయి. నవంబర్‌లో ముప్పై కలిపితే అరవై, డిసెంబర్‌లో ముప్పై ఒకటి కలిపితే తొంభై ఒకటి. వందకు ఇంకా తొమ్మిది కావాలి, కాబట్టి జనవరి 9. ఇప్పుడు ఈ ముక్కలకు విడివిడిగా శేషాలు తీయండి. ముప్పైకి రెండు, మరొక ముప్పైకి రెండు, ముప్పై ఒకటికి మూడు, తొమ్మిదికి రెండు. మొత్తం తొమ్మిది, అందులో ఏడు పోతే రెండు. వందకు వచ్చిన శేషమూ రెండే కాబట్టి నెలలను విడగొట్టడంలో పొరపాటు జరగలేదని నమ్మవచ్చు. ఒకవేళ నవంబర్‌కు ముప్పై ఒక్క రోజులని పొరబడి జనవరి 9నే రాసి ఉంటే ఇక్కడ మూడు వచ్చి తప్పు పట్టిచ్చేది.

ఫిబ్రవరి మీదుగా వెళ్ళే లెక్కలో కొందరికి ఒక సందేహం వస్తుంది: లీపు సంవత్సరమైతే జవాబు మారదా అని. వారం మారదు, తేదీ మారుతుంది. 2025 జనవరి 26 ఆదివారం; దాని తరువాత వంద రోజులకు మే 6, మంగళవారం. 2024 లీపు సంవత్సరం, ఆ ఏడాది జనవరి 26 శుక్రవారం; వంద రోజులకు మే 5, ఆదివారం. రెండు సార్లూ వారం రెండేసి రోజులే జరిగింది. ఫిబ్రవరి 29 వల్ల ఒక రోజు ముందుగా తేదీ వచ్చింది, అంతే.

ఈ సరిచూపు పద్ధతి మన జ్యోతిషగణితంలో చాలా కాలంగా ఉన్నదే. కలియుగం మొదలైనప్పటి నుంచి గడిచిన మొత్తం రోజుల సంఖ్యను అహర్గణం అంటారు. గ్రహాల స్థానాలు కట్టాలంటే ముందుగా అహర్గణం కావాలి. సౌరమాసాల నుంచి అధికమాసాలనూ, తిథుల నుంచి క్షయతిథులనూ లెక్కగట్టి, భిన్నాలను వదిలేస్తూ దాన్ని సాధిస్తారు కాబట్టి ఒక్కోసారి ఒక రోజు అటో ఇటో అవుతుంది. దాన్ని పట్టుకోవడానికి గణకులు చేసే పని అహర్గణాన్ని ఏడుతో భాగించి శేషం చూడటమే. కల్యాది శుక్రవారం కాబట్టి శేషం సున్నా అయితే శుక్రవారం, ఒకటి అయితే శనివారం. వచ్చిన వారం ఆ రోజు అసలు వారంతో కలవకపోతే అహర్గణానికి ఒకటి కలపడమో తీసివేయడమో చేస్తారు.

మీ లెక్కనే ఆ కొలతలో చూడవచ్చు. కల్యాదిని క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18 శుక్రవారంగా తీసుకుంటే, 2025 అక్టోబర్ 1 నాటికి గడిచిన రోజులు 18,72,484. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 5. శుక్రవారం నుంచి అయిదు రోజులు లెక్కిస్తే శని, ఆది, సోమ, మంగళ, బుధ. అక్టోబర్ 1 బుధవారమే. దానికి వంద కలిపితే 18,72,584, అది ఏడుతో నిశ్శేషంగా పోతుంది, శేషం సున్నా, అంటే శుక్రవారం. అయితే ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. అహర్గణంలో సరిగ్గా ఏడు రోజుల తప్పు, లేదా పద్నాలుగు రోజుల తప్పు జరిగితే శేషం మారదు, కాబట్టి తప్పు కనిపించదు. ఏడు గుణిజం కాని తేడాలను మాత్రమే అది పట్టిస్తుంది. తేదీలతో చేసే మీ లెక్కకూ ఇదే హద్దు వర్తిస్తుంది: జనవరి 9 బదులు జనవరి 16 అని రాసినా వారం శుక్రవారమే కదా.

పంచాంగాన్ని ప్రస్తావించాను కాబట్టి ఇంకొక జాగ్రత్త చెప్పాలి. క్యాలెండర్‌లో రోజు అర్ధరాత్రి మారుతుంది, పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. గురువారం తెల్లవారుజామున మూడు గంటలకు జరిగినదాన్ని పంచాంగం బుధవారంగానే లెక్కిస్తుంది. శేషం రెండు పద్ధతులలోనూ ఒకటే, మొదలుపెట్టే వారం మాత్రం వేరవుతుంది. అమెరికాలో ఉన్న బంధువులతో కలిసి ముహూర్తం లెక్కవేసుకునేవారికీ ఇదే ఇబ్బంది: ఇక్కడ బుధవారం ఉదయం ఏడు గంటలైనప్పుడు అక్కడ ఇంకా మంగళవారం రాత్రే, కాబట్టి ఎవరి "ఈ రోజు" నుంచి లెక్కిస్తున్నారో ముందుగా తేల్చుకోవాలి.

ఏడు రోజుల వరుస ఎప్పుడైనా తెగిందా అని అమ్మాయి అడగవచ్చు. తేదీలు ఎగిరినా వారాల వరుస నిలిచిన ఉదాహరణ ఒకటి, వారమే ఎగిరిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1752లో బ్రిటన్ కొత్త క్యాలెండర్‌కు మారినప్పుడు సెప్టెంబర్ 2 బుధవారం మరునాడు సెప్టెంబర్ 14 గురువారం అయింది. పదకొండు తేదీలు లేకుండా పోయాయి గానీ బుధవారం తరువాత గురువారమే వచ్చింది. ఆ బుధవారం నుంచి వంద రోజులకు డిసెంబర్ 22, అదీ శుక్రవారమే. పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశంలో మాత్రం 2011లో అంతర్జాతీయ దినరేఖకు అవతలి వైపుకు మారడం కోసం డిసెంబర్ 30 శుక్రవారాన్ని పూర్తిగా వదిలేశారు. 29 గురువారం మరునాడు 31 శనివారం అయింది. ఆ రాత్రిని దాటి వెళ్ళే లెక్కకు అక్కడ శేషానికి ఒకటి కలపాలి.

చివరగా వెనక్కి వెళ్ళే లెక్క. పద్ధతి అదే, దిశ మారుతుంది. వంద రోజుల క్రితం అంటే పద్నాలుగు వారాలు వెనక్కి వెళ్ళి బుధవారం దగ్గర ఆగి, మరో రెండు రోజులు వెనక్కి: మంగళవారం, సోమవారం. తేదీతో సరిచూస్తే, అక్టోబర్ 1 నుంచి ముప్పై రోజులు వెనక్కి సెప్టెంబర్ 1, ఇంకో ముప్పై ఒకటికి ఆగస్టు 1, ఇంకో ముప్పై ఒకటికి జులై 1. ఇంతవరకు తొంభై రెండు. మిగిలిన ఎనిమిదికి జూన్ 23. 2025 జూన్ 23 సోమవారమే.

దీన్ని అంకెలతో రాసినప్పుడు ఒక మెలిక వస్తుంది. బుధవారం 3, అందులో నుంచి 100 తీసివేస్తే −97. రుణసంఖ్యను ఏడుతో భాగించినప్పుడు శేషం ఎంత? యూక్లిడ్ భాగహార న్యాయం ప్రకారం శేషం ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాకూడదు, విభాజకం కంటే చిన్నదై ఉండాలి. అందుకని ఏడు గుణిజాలలో −97 కంటే పెద్దది కాని, దానికి అతి దగ్గరిది అయిన −98ని తీసుకోవాలి. −97 = 7 × (−14) + 1, శేషం 1, సోమవారం. అంత ఆలోచించడం ఇష్టం లేకపోతే ఫలితం 0 నుంచి 6 లోపు వచ్చేలా ఏడు గుణిజం ఒకటి కలిపితే చాలు: −97కు 98 కలిపితే 1. అలాగే రెండు వెనక్కి వెయ్యడమంటే అయిదు ముందుకు వెయ్యడమే, బుధవారం నుంచి అయిదు ముందుకు వేసినా సోమవారమే వస్తుంది.

అమ్మాయి కంప్యూటర్‌లో చేసి చూడాలనుకుంటే పైథాన్‌లో ఈ రెండు వరుసలు సరిపోతాయి. మొదటిది 5 చూపిస్తుంది, రెండోది 1.

```
print((3 + 100) % 7)
print((3 - 100) % 7)
```

సి, జావా భాషల్లో మాత్రం రెండో వరుసలోని `(3 - 100) % 7` విలువ −6 అని వస్తుంది, ఎందుకంటే అవి భాగఫలాన్ని సున్నా వైపుకు కుదిస్తాయి. −6 అనే వారం లేదు కాబట్టి ఆ భాషల్లో రుణసంఖ్య వచ్చినప్పుడు ఏడు కలుపుకోవాలి. −6కు 7 కలిపితే 1, మళ్ళీ సోమవారం.